ఎనిమిదో రోజు లెక్క

ఇచ్చోడ,
14 అక్టోబర్ 2023

అన్నకు లిడియా వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆ, ఊ, సరే" తప్ప నోరు విప్పవు. నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు నువ్వు రాసిన కార్డుల్లో కనీసం ఒకటి రెండు ముక్కలైనా ఉండేవి. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను. వదినకు చెప్పు, తను పెట్టిన ఉసిరికాయ తొక్కు సీసా ఒలకకుండా చేరింది.

పని సంగతి. ఇది విత్తనాల కంపెనీ. రైతుల దగ్గర సోయా, శనగ కొని, శుభ్రం చేసి, సంచుల్లో నింపి అమ్ముతారు. అమ్మే ముందు గింజ మొలుస్తుందా లేదా అని చూసే ల్యాబు మాది. నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, తడి కాగితంలో వరసగా పేర్చి, చాపలా చుట్టి, చల్లటి అల్మారాలో నిలబెడతాను. ఎనిమిదో రోజు చుట్ట విప్పి, మంచి మొలకలెన్ని, అవిటివెన్ని, చచ్చిన గింజలెన్ని అని రాస్తాను. నూటికి డెబ్బై మంచివి రాకపోతే ఆ సరుకు విత్తనంగా అమ్మకూడదు. ఎనిమిదో రోజుతో లెక్క మూసేస్తారు. తొమ్మిదో రోజు ఎంత ముద్దుగా మొలిచినా సరే, రిజిస్టర్‌లో దానికి చోటు లేదు. మొదటిరోజు నాకు అయ్యో అనిపించింది. రెండు చుట్టలు తెచ్చి గది కిటికీలో పెట్టుకున్నాను కూడా.

పని నేర్పింది కోమల. పెళ్లయి నాందేడ్ వెళ్లిపోతూ మూడు రోజుల్లో అన్నీ చూపించింది. "ఏరు అచ్చిందా, మంచిదాంట్ల ఏస్కో. ఎక్వ సోంచాయించకు" అంది. వేరు కనిపిస్తే చాలట, మంచిదాని కిందే లెక్కట.

మా మేనేజరు వంశీధర్‌రావు సారు. యాభై ఏళ్లుంటాయి. చెడ్డవాడు కాదు, గొంతు పెంచడు. అసలు గొంతే లేదేమో అని నా అనుమానం. తొమ్మిదీ నలభైకి వస్తాడు, నా రిజిస్టర్ పట్టుకుపోతాడు, పచ్చ ఇంకుతో మూలన పొట్టి సంతకం గీకి తిరిగి పంపిస్తాడు. బాగుందనడు, బాగోలేదనడు. పది రోజులకే నాకు ఆ సంతకం కలలోకి వస్తోంది.

ఏడాది ప్రొబేషన్. అది దాటితే పక్కా ఉద్యోగం. ఆరేళ్లు మెట్‌పల్లి బడిలో పిల్లలకు సైన్సు చెప్పి, అది వదిలేసి వచ్చాను కదా, ఇది నిలబడాలి అన్నా. నాకు ముప్పై ఒకటి. మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు.

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లె
లిడియా


శ్రీరాంపూర్,
22 అక్టోబర్ 2023

చెల్లె లిడియాకు అన్న స్టీఫెన్ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. చర్చికి పోయి అచ్చి, అన్నం తిని, కండ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివిన. మీ వదిన నవ్వింది, నా నోరు గురించి రాసిన కాడ.

మీ సార్ గురించి ఫికర్ జెయ్యకు. నీకు ఎర్కలేదు గని, పెద్దోడు ఏమంటలేడంటే పని మంచిగున్నట్టే. ఇరవై ఆరేండ్లయింది నేను బొగ్గుబాయిల దిగవట్టి. ఇప్పుడు సర్దార్‌ను. నా కింద పద్దెనిమిది మంది ఉన్నరు. షిఫ్టుకు ముందుగాల నేను పోయి కట్టెతోని పైకప్పు కొట్టి చూస్త. గట్టిగుంటే ఖణ్ మంటది, బోలుగుంటే డబ్ మంటది. బోలుగుంటెనే నోరు తెరుస్త. లేకుంటె నాకేం పని అరవనీకి?

హనుమండ్లని ఒకడున్నడు నా కింద. పైకప్పుకు దిమ్మెలు నిలబెడ్తడు. వాడు నిలబెట్టిన దిమ్మె కింద నేను కండ్లు మూసుకొని కూసుంట. పదకొండేండ్లాయె, వానితోని ఒక్కనాడు మంచి అనలే, చెడ్డ అనలే. వాడేమన్న పరేషాన్ అయితుండా? మంచిగ అచ్చి మంచిగ పోతుండు. మీ సార్ సుత గట్లనే.

బువ్వ యాళ్లకు తిను. చలి మొదలైతది ఆడ, చెద్దరు కొనుక్కో.

అన్న
స్టీఫెన్


ఇచ్చోడ,
9 డిసెంబర్ 2023

అన్నా, వందనాలు. పండుగ దగ్గరికొచ్చింది కదా, పిల్లలు పాటలు నేర్చుకుంటున్నారా? ఇక్కడ ఆదివారం నేను, ఇద్దరు టీచరమ్మలు, పాస్టర్‌గారి కుటుంబం, అంతే. పాట ఎత్తుకుంటే నా గొంతు నాకే వినిపించి సిగ్గేస్తుంది.

నీ మాట పట్టుకుని నెల నెట్టుకొచ్చాను. కానీ అన్నా, పైకప్పును కొడితే అది జవాబైనా చెబుతుంది. ఈయన చెప్పడు. నేనిప్పుడు ఏం చేస్తున్నానో వింటే నవ్వుతావు. సంతకం కొలుస్తున్నాను. పెద్దగా ఉంటే సంతోషించాడని, చిన్నగా ఉంటే ఏదో తప్పు దొరికిందని. సోమవారం పెద్దది పడింది. ఆ రోజంతా ఉషారుగా తిరిగాను. మంగళవారం చూస్తే క్యాంటీన్ బిల్లు మీద అంతకంటే పెద్దది గీకాడు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను కూడా. "సార్, నా పని ఎట్లుంది?" అని. కంప్యూటర్ నుంచి తల ఎత్తి నన్ను కొత్తగా చూసినట్టు చూసి, "నడుస్తుంది గద" అన్నాడు. నడుస్తుంది! పక్షవాతం వచ్చినవాడి గురించి కూడా అదే అంటారు. ప్రతి శుక్రవారం మాట్లాడుకుందామని మొదట్లో నోటీసు పెట్టించాడు. తొమ్మిది శుక్రవారాలు పోయాయి. ఒకసారి లారీ వచ్చింది, ఒకసారి హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, మిగతా ఏడుసార్లు ఊరికే జరగలేదు. వాట్సాప్ గ్రూపులో నేను పంపిన రిపోర్టు కింద రెండు నీలం గీతలు పడతాయి. చూశాడని తెలుస్తుంది. ఏం చూశాడో తెలియదు.

ఒక అనుమానం ఉంది. సోయా మొలకల్లో కొన్నిటికి వేరు వస్తుంది కానీ పప్పు బద్దలు సగానికి పైగా విరిగి ఉంటాయి. నూర్పిడి మిషన్ దెబ్బ అది. కోమల చెప్పినట్టు మంచివాటిలోనే వేస్తున్నాను. అది సరేనా అని అడుగుదామని మొన్న ఆయన తలుపు దాకా వెళ్లాను. "ఇంకేమన్నా ఉందా?" అన్నాడు. నేను లోపల అడుగే పెట్టలేదు, "ఇంకేమన్నా" ఏమిటో! లేదు సార్ అని వచ్చేశాను. మళ్ళీ వెళ్లి అడగనా? నువ్వైతే ఏం చేస్తావు?

నీ చెల్లె
లిడియా


శ్రీరాంపూర్,
20 డిసెంబర్ 2023

చెల్లెకు దీవెనలు, క్రిస్మస్ శుభాలు ముందుగాలనే.

నువ్వు మరీ ఎక్కువ ఆలోచన జేస్తున్నవు. సంతకం కొలుసుడేంది, పిచ్చిదానా!

అడుగుడు గురించి. నా కాడికి అచ్చి సర్దార్, గిది గిట్లనేనా, గది గట్లనేనా అని పదిసార్లు అడిగేటోడు ఉంటె, వీనికి పని రాదని నేను మనసుల రాసుకుంట. నువ్వు కొత్తదానివి. కోమల నాలుగేండ్లు చేసింది ఆడ. తప్పయితే సార్ ఆమెనే అనకపోవునా? కోమల చెప్పినట్టే చెయ్యి. అడుగకు. అడిగితే నీకు ఎర్కలేదని వానికి నువ్వే చెప్పినట్టయితది.

హనుమండ్లు బిడ్డ లగ్గం జనవరిల. మీ వదినకు చీర కావాల్నట. ఆమెకు చీర కావాల్నంటె ఆ లగ్గమో ఈ లగ్గమో దొర్కుతది.

అన్న


ఇచ్చోడ,
12 మే 2024

అన్నా,

ఎండ ఎట్లా ఉంది? ఇక్కడ రేకుల షెడ్డు కింద హమాలీలు తలకు తడి తువ్వాళ్లు చుట్టుకుని సంచులు మోస్తున్నారు. జూన్‌లో సోయా విత్తుతారు కనుక ఇప్పుడు మాకు ఊపిరాడదు. రోజుకు పదిహేను, ఇరవై చుట్టలు విప్పుతున్నాను.

అడగలేదు. నువ్వు వద్దన్నావని అడగలేదు. దానికి బదులు ప్రతి చుట్టా రెండుసార్లు లెక్కపెడుతున్నాను. ఐదున్నరకు అందరూ పోయినా నేను ఏడు దాకా ఉంటాను. ఆయన కూడా తన గదిలోనే ఉంటాడు. నేను కష్టపడుతున్నానని చూస్తున్నాడేమో అని ఇంకో పావుగంట కూర్చుంటాను. ఆయన లేవడు. నేనూ లేవను. చివరికి వాచ్‌మన్ గేటు తాళం గలగలలాడిస్తే నేనే బయటపడతాను. ఆయన ఇంకా లోపలే ఉంటాడు.

రెండు వింతలు రాస్తాను. నేను నూటికి ఎనభై రెండు అని రాసిన సరుకు ఒకటి గోదాంలో మూలనే పడి ఉంది, అమ్మకానికి పోలేదు. అట్లాంటివి ఐదారు ఉన్నాయి. తేమ ఎక్కువుందేమో అనుకున్నాను. రెండోది, నేను లెక్క చేసి డబ్బా దగ్గర పెట్టిన మొలకలు పొద్దున్నే వచ్చి చూస్తే రెండు కుప్పలుగా ఉంటున్నాయి. ఊడ్చేవాళ్లు సర్దారేమో. మెదడు వేడెక్కి నాకే ఏవేవో కనిపిస్తున్నాయనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. మెట్‌పల్లి నుంచి మా పాత హెడ్మిస్ట్రెస్ ప్రమోదిని మేడం ఫోన్ చేసింది. బడిలో నా చోటు ఖాళీ అయిందట. "నువ్వు అస్తనంటె ఇంకెవ్వరిని సూడ లిడియా. ఈ నెలాఖరు దాంక ఆపుత" అంది. ఆమె ఎట్లాంటిదో నీకు తెలుసు కదా. క్లాసు వెనక బెంచీలో వచ్చి కూర్చునేది, బెల్లు కొట్టాక వరండాలోనే చెప్పేసేది. "బోర్డు మీద అక్షరాలు చిన్నగున్నయ్, గుండె బొమ్మ మాత్రం మస్తుగేసినవ్" అనేది. ఒక్కోసారి కోపం వచ్చేది నాకు. ఇప్పుడు ఆ వరండా గుర్తొస్తే ఏడుపొస్తుంది.

ఇక్కడ పక్కా అవుతుందంటే ఉంటాను. కాదంటే ఇప్పుడే వెళ్లిపోతాను. ఏదో ఒకటి తెలిస్తే చాలు. నిన్న సారును సూటిగా అడిగాను. "సార్, నాకు వేరే చోట పిలుపొచ్చింది. ఇక్కడ నన్ను ఉంచుతారా?" అని. చాలాసేపు టేబుల్ మీది పెన్నుల డబ్బా సర్దాడు. "సూద్దాం. సెప్టెంబర్ల గద" అన్నాడు. అంతే. ఉంచుతాడనా, ఉంచడనా? ఆ "గద"ను పట్టుకుని రాత్రి పడుకున్నాను. తొందరగా జవాబు రాయి. నీ మాటే నాకు ఆధారం.

లిడియా


శ్రీరాంపూర్,
20 మే 2024

చెల్లె లిడియాకు,

ఉత్తరం అందంగనే రాస్తున్న. ఉండు. పోకు.

ఎందుకో చెప్త. ఒకటి, నిన్ను తీసేసుడే ఉంటె, నువ్వు పోత అన్ననాడే పో అంటుండె. ఏ మేనేజరన్న వదిలిచ్చుకోనీకి అంతకంటె మంచి మోకా దొర్కుతదా? అనలేడంటే నువ్వు కావాల్నన్నట్టు. రెండోది, నువ్వు ఏడు దాంక ఉంటె ఆయన సుత ఉంటుండు. నీ మీద నజర్ ఉంది, నీ కష్టం చూస్తుండు. మూడోది, ఎనిమిది నెలల్ల ఒక్క తప్పన్న పట్టిండా? తప్పుంటె చెప్పకుంట ఉంటడా మనిషి? రిజిస్టర్‌ల కొట్టెయ్యలే, దిద్దలే. ఉత్త సంతకమే గీకుతడని నువ్వే రాసినవ్.

మెట్‌పల్లికి పోతె మళ్ల గదే సుద్దముక్క. నువ్వు మస్తు చదివినవ్, ల్యాబు కొలువు నీకు తగ్గది. మేడమ్‌కు మర్యాదగ రానని చెప్పు.

నాకు ఎర్కున్నది గింతే. పైకప్పు ఏమనకుంటె అది గట్టిగున్నట్టే.

అన్న
స్టీఫెన్


ఇచ్చోడ,
4 ఆగస్టు 2024

అన్నా, వందనాలు.

మేడంకు అప్పుడే చెప్పేశాను. "సరే బిడ్డా, మంచిగుండు" అంది. ఆమె గొంతు కాస్త చిన్నబోయింది. జూన్‌లో వేరే అమ్మాయి చేరిందట.

ఇంకో రెండు నెలలుంది. హైదరాబాద్ నుంచి ఒక ఫారం వచ్చింది. మొదటి పేజీలో నా పని గురించి నేనే రాసుకోవాలి. రెండో పేజీలో సారు రాయాలి. సమయపాలన, శుభ్రత, పనిలో కచ్చితత్వం, ఇట్లా పన్నెండు గళ్లు. కింద "అధికారి అభిప్రాయం" అని ఆరు గీతలు. నా పేజీ నేను నాలుగుసార్లు చిత్తు రాసుకుని నింపాను. మరీ గొప్పగా రాస్తే పొగరనుకుంటారని, తక్కువగా రాస్తే నిజమనుకుంటారని, ప్రతి గడికీ చచ్చాను. ఆయన పేజీ నాకు చూపించి సంతకం తీసుకోవాలని రూలు. చూపించాడు. పన్నెండు గళ్లూ ఖాళీ. ఆరు గీతలూ ఖాళీ. కింద నా సంతకానికి పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టాడు.

"సార్, మీరు రాయలేదు" అన్నాను.

"రాస్త తియ్యి. నువ్వయితే పెట్టు."

పెట్టాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని ఆరో తరగతి పిల్లలకు నేను చెప్పేదాన్ని.

జ్వరం వచ్చి తగ్గింది. వదినకు చెప్పకు. నిద్రలో లెక్కపెడుతున్నానని పక్కగది టీచరమ్మ చెప్పింది. డెబ్బై ఒకటి, డెబ్బై రెండు అంటున్నానట.

లిడియా


శ్రీరాంపూర్,
13 ఆగస్టు 2024

చెల్లెకు,

జ్వరానికి మందులు తెచ్చుకున్నవా లేదా? వదినకు చెప్పకన్నవ్, ఆమె నాకంటె ముందుగాలనే ఉత్తరం ఇప్పింది.

ఫారం గురించి పరేషాన్ గాకు. పెద్దోళ్లు తర్వాత నింపుతరు. ఖాళీగ ఉంచిండంటె చెడ్డ రాయలేనట్టే గద. ఇంకో నెల, ఓపిక పట్టు. ఆదివారం నీ పేరు మీద ప్రార్థన చేపిస్త.

అన్న


ఇచ్చోడ,
3 అక్టోబర్ 2024

అన్నా,

తీసేశారు.

మొన్న సోమవారం హైదరాబాద్ నుంచి మెయిల్ వచ్చింది, నాలుగు వాక్యాలు. ప్రొబేషన్ ముగిసింది, మీ సేవలు కొనసాగించడం లేదు, సామాను అప్పగించండి, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. నా పేరు కూడా తప్పు పడింది. లిదియా అని ఉంది.

నేను ఏడవలేదు. నేరుగా ఆయన గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏడాదిలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. "ఎందుకు సార్?" అన్నాను. నేను కదలకపోయేసరికి కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

రెండు వరసలున్నాయన్నా. ఎడమవైపు నా లెక్క, కుడివైపు ఆయన లెక్క. పోయిన నవంబర్ నుంచి. నేను ఎనభై రెండు అన్నది ఆయన లెక్కలో అరవై ఏడు. నేను డెబ్బై ఎనిమిది అన్నది అరవై నాలుగు. పప్పు బద్దలు సగానికి పైగా విరిగిన మొలకలు అవిటివట. అవి పొలంలో నిలబడవట. నేను వాటన్నిటినీ మంచివాటిలో కలిపాను. నా లెక్క బయటికి పోయి ఉంటే రైతులు చచ్చిన విత్తనం వేసుకునేవాళ్లు. ఆయన రోజూ సాయంత్రం ప్రతి చుట్టా మళ్ళీ విప్పి, రెండు కుప్పలు పోసి, లెక్క సరిదిద్ది హైదరాబాద్‌కు పంపాడు. రిజిస్టర్‌లో మాత్రం ఒక్క అంకె కొట్టెయ్యలేదు.

"మీకు నవంబర్‌లోనే తెలుసా?"

"తెల్సు."

"కోమల లెక్క?"

"ఆమెది సుత నేనే చేసుకున్న. నాలుగేండ్లు. పోయిన మార్చిల హైదరాబాదోళ్లు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి పంపుమన్నరు. అప్పుడు వాళ్లకు ఎర్కయింది."

అంటే మేలో నేను వేరే చోట పిలుపొచ్చిందని ఆయన ముందు నిలబడ్డప్పుడు, పెన్నుల డబ్బా సర్దుతున్నప్పుడు, అంతా అయిపోయే ఉంది. "ఒక్కమాట చెప్తే ఏం పోయేది సార్?" అని గట్టిగానే అన్నాను. బయట సంచులు కుట్టేవాళ్లు కూడా విన్నారు.

ఆయన ముఖం చూడాల్సింది. తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా అయింది. "మనసు నొచ్చుకుంటదనుకున్న. ఇంత కష్టపడుతున్నవ్, ఎట్ల చెప్పాలె? ఇయ్యాల కాకుంటె రేపు నీకే ఎర్కయితదనుకున్న. నువ్వు ఏడు దాంక కూసుంటుంటివి. నువ్వు పోతె గని నేను చుట్టలు ఇప్పలేను. రోజు నా ఇంటోళ్లతోని తిట్లు తిన్న."

నేను ఆయన కోసం కూర్చున్నాను. ఆయన నేను పోవడం కోసం కూర్చున్నాడు.

ఎట్లా చూడాలో ఇప్పుడైనా చూపించండి అన్నాను. లేచి ల్యాబుకొచ్చి ఒక చుట్ట విప్పాడు. ఒక మొలక తీసి బద్దలు విడదీసి, "ఇగో, సగం కన్న ఎక్వ పోయింది, ఇది అవిటిది. ఇదేమో పావు పోయింది, పర్వలేదు. దీనికి తల్లివేరు మొద్దుబారింది, అవిటిది" అని ఒక్కొక్కటీ చూపించాడు. చక్కగా చెప్పాడన్నా. టీచరునైన నేనే అంత బాగా చెప్పలేను. ఆ చుట్ట మొత్తం నేనే లెక్క చేశాను, తర్వాత ఆయన చేశాడు. ఇద్దరికీ నూటికి డెబ్బై మూడే వచ్చింది. గోడ మీద గడియారం చూశాను. ఇరవై నిమిషాలు పట్టింది.

అప్పుడు అన్నాడు, "మిగితదంత మంచిగుండె. రిజిస్టర్ నీ తీరుగ రాసినోళ్లు ఈ ప్లాంటుల లేరు" అని. అంటూనే సామాను అప్పగింత కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు. "నాకు సుత ఎవ్వలు ఏం చెప్పలే, ఇరవై రెండేండ్లాయె" అని గొణిగాడు. అది క్షమాపణో ఏమో నాకు తెలియదు. ఆయన మాటలు విప్పి చూసే ఓపిక అయిపోయింది.

నిన్ను ఏమీ అనడం లేదు అన్నా. కానీ ఒకటి అడుగుతాను, జవాబు రాయి. నేను దేనికైనా పనికొస్తానా? నీకు నిజంగా ఏమనిపిస్తుందో అది రాయి. "ఫికర్ జెయ్యకు" అని రాయకు.

లిడియా


శ్రీరాంపూర్,
20 అక్టోబర్ 2024

లిడియా బిడ్డా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపిన. ఐదోసారి మీ వదిన తలుపు గొళ్లెం పెట్టి, రాసినంకనే తీస్త అన్నది.

తప్పు నాది. అడుగకు అన్నది నేను. ఉండు అన్నది నేను. సార్ మనసుల ఏమున్నదో నేనేదో చూసినట్టు రాసిన. నాకు ఎర్కున్నదల్లా నా సంగతే. నేను ఊకుంటె మంచిదని అర్థం, గందుకే అందరు ఊకుంటె మంచిదే అనుకున్న.

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు బాయిల నాకు మనసున పట్టలే. మూడోనాడు హనుమండ్లు కాడికి పోయిన. షిఫ్టు అయిపోయి దీపాలు అప్పజెప్పే కాడ నిలబడ్డడు. "హనుమండ్లు, నువ్వు దిమ్మెలు మస్తుగ నిలబెడ్తవ్ రా. నీ అసొంటోడు లేడు" అన్న. గంతే అన్న. వాని ముఖం తెల్లగయింది. "ఏమయింది సర్దార్? నన్నేడికన్న మారుస్తున్నరా?" అన్నడు. అరే లేదురా అన్న. "మరి గిన్నేండ్లు అననోనివి ఇప్పుడెందుకంటున్నవ్? నాతోని ఏమన్న కసూర్ అయిందా?" అని చేతులు పట్టుకున్నడు. తెల్లారి వాడు, వాని పెండ్లాం భూమవ్వ ఇంటికచ్చిండ్రు, చేతుల కోడి పట్టుకొని. తీసెయ్యకుండ్రి సార్ అని ఆమె ఏడ్సుడు. పదకొండేండ్లు రోజు ఇంటికి పోంగనే "ఇయ్యాల సర్దార్ ఏమన్నడు?" అని ఆమె అడుగుతదట, "ఏమనలే" అని వాడంటడట, ఇద్దరికి బువ్వ సరిగ్గ దిగకపోతుండెనట. నాకు ఎర్కలే చెల్లె. వాడు మంచిగ అచ్చి మంచిగ పోతుండని నీకు రాసిన.

కోడిని వాపస్ పంపినం. నమ్మిండ్రో లేదో.

ఇగ నువ్వడిగింది. నువ్వు నాకంటె మస్తు తెలివిగల్లదానివి. మనల కన్న అవ్వ పోయిననాడు నీకు పన్నెండేండ్లు, నేనే ఏడ్సుకుంట కూసుంటె నువ్వు అన్నం వండి అందరికి పెట్టినవ్. పదోతరగతిల నీకు మండలంల రెండో నంబర్ అచ్చిననాడు మా బాయోళ్ల క్యాంపంత మిఠాయి పంచిన, నీకు మాత్రం సరే అని కార్డు రాసిన. నీ ఉత్తరాలు అన్ని ఇనుప డబ్బల ఉన్నయి, హాస్టల్ నాటివి సుత. సంతకం కొలిసిన ముచ్చట మా షిఫ్టోళ్లకు చదివి ఇనిపిచ్చిన, పడి పడి నవ్విండ్రు. నువ్వు పనికస్తవు. నా మాట నిజం. ఇంటికి రా.

అన్న
స్టీఫెన్


మెట్‌పల్లి,
17 నవంబర్ 2024

అన్నకు వందనాలు.

నేను మెట్‌పల్లిలో ఉన్నాను. బడిలో చోటు లేదు. ప్రమోదిని మేడం బాధపడి, తెలిసినవాళ్లకు చెప్పి పసుపు మార్కెట్ దగ్గర ఒక షాపులో తూకం చీటీలు రాసే పని ఇప్పించింది. ఇంటికి రమ్మన్నావు. ఇప్పుడు రాలేను. వస్తే నీ ముఖం చూస్తూ ఏమనుకుంటున్నావా అని వెతుకుతూ కూర్చుంటాను.

షాపు సేటు లక్ష్మీరాజం. రోజుకు వందసార్లు "శభాష్" అంటాడు. నాకు అంటాడు, హమాలీలకు అంటాడు, మొన్న ట్రాలీ ఆటో స్టార్టయితే దానికీ అన్నాడు. నేను ప్రతి చీటీ మూడుసార్లు చూసుకుంటున్నాను. "ఎందుకమ్మా, మంచిగనే రాస్తున్నవ్ గద" అంటాడు. ఆ మాట చెవి దాకా వస్తుంది, లోపలికి పోదు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఇట్లాంటి మాటల కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలియదు. హాస్టల్‌లో నువ్వు "సరే" అని రాసిన కార్డును వెలుతురుకు పెట్టి, వెనక ఇంకేమన్నా ఉందా అని చూసేదాన్ని. ఇప్పుడు అన్నీ రాశావు. కానీ నేను అడిగాను కనుక రాశావు. నా ఉద్యోగం పోయింది కనుక రాశావు. వదిన గొళ్లెం పెట్టింది కనుక రాశావు. హనుమండ్లును తప్పుపట్టలేను అన్నా. నాకూ మొదట వాడి అనుమానమే వచ్చింది, నాకేదో కీడు జరగబోతోందని.

మొదటి ఉత్తరంలో రాశాను, గుర్తుందా? ఎనిమిదో రోజుతో లెక్క మూసేస్తారని. కిటికీలో పెట్టిన ఆ రెండు చుట్టల్లో తర్వాత తొమ్మిది మొలకలు వచ్చాయి. బలంగానే వచ్చాయి, బద్దలు కూడా విరగలేదు. కొన్నాళ్లు నీళ్లు పోసి చూసుకున్నాను. రిజిస్టర్‌లో ఎక్కడ రాయాలో తెలియలేదు. నీ మాటలు కూడా అట్లాంటివే. మొలకలో తప్పు లేదు.

హనుమండ్లును మాత్రం వదలకు. ఒక్కరోజు చెప్పి ఊరుకుంటే వాడి భయం నిజమైపోతుంది. దిమ్మె బాగుంటే బాగుందను, వంకర ఉంటే వంకర అను, అప్పటికప్పుడు, ఆ దిమ్మె దగ్గరే. వాడు నమ్మడానికి ఇంకో పదకొండేళ్లు పడుతుందేమో.

నాకు జవాబు రాస్తే నా మంచి రాయకు. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులేమిటో రాయి, ఒక్కటీ దాచకుండా. ముందు వాటిని నమ్మగలనేమో చూస్తాను.

వదినకు, పిల్లలకు నా వందనాలు. పసుపు ఘాటుకు కళ్లు మండుతున్నాయి, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. అనుకుంటే రాయి.

లిడియా